గోడ మీద రెండు లైన్లు, పెట్టెలో పన్నెండు

మా ముందు గదిలో గోడ మీద ఏళ్ల తరబడి ఒక గుడ్డ వేలాడింది. చెక్క ఫ్రేము, అద్దం, లోపల తెల్ల మ్యాటీ గుడ్డ మీద నీలం దారంతో రెండు లైన్లు.

నువ్వు అడగవు, నేను చెప్పను, మాటే అక్కర్లేదు.
మన ఇంటంత ప్రశాంతమైన ఇల్లు ఈ ఊళ్లో లేదు.

కుట్టింది నేను. రాసింది మా ఆయన. కుట్టినన్నాళ్లూ నాకు ఒక్క అక్షరం రాదు.

ఇందులో వింతేమీ లేదు. ఖరగ్‌పూర్‌లో మా తెలుగు క్రైస్తవుల ఇళ్లలో గోడకు బైబిలు వాక్యం కుట్టిన గుడ్డ లేని గది ఉండదు. న్యూ సెటిల్‌మెంట్ క్వార్టర్లలో సగం ఇళ్లకు అవి నేనే కుట్టి ఇచ్చాను. అచ్చు కాగితం కింద కార్బన్ పెట్టి గళ్ల కాగితం మీదకు దించుకోవడం, గళ్లు లెక్కపెట్టుకుని అడ్డకుట్టు వేయడం. నాకు 'ప' అంటే కింద మూడు గళ్లు, పక్కన రెండు, పైన ఒక టిక్కు. ముగ్గులాంటిదే. ముగ్గు చదవడం ఎవరికి కావాలి?

మా ఆయన రైల్వే స్కూల్లో ఇంగ్లీషు మాస్టారు. నన్ను శ్రీకాకుళం దగ్గర పల్లె నుంచి చేసుకుని వచ్చారు. ఆయనకు నేను చదువుకోలేదన్నది పెళ్లికి ముందే తెలుసు. తెలిసి చేసుకున్నారు కాబట్టి మంచివారని మా వాళ్లు అనేవారు, నేనూ అనుకునేదాన్ని.

ఎనభైల మధ్యలో మా పెళ్లికి పాతికేళ్లు నిండాయి. ఆ ఏడు తెలుగువాళ్ల సంఘం వేసిన ప్రత్యేక సంచికలో, అదే సావనీర్‌లో ఆయన నా మీద ఒక సానెట్ రాశారు. తెలుగులోనే, పద్నాలుగు లైన్లు. చర్చి హాలులో సభ పెట్టి, నాకు పట్టుచీర కట్టించి ముందు కుర్చీలో కూర్చోబెట్టారు. ఆయన మైకు ముందుకు వచ్చి చివరి రెండు లైన్లు మాత్రం చదివారు.

"పద్యం మొత్తం సావనీర్లో ఉంది. సదువొచ్చినోళ్లు సదువుకోండి," అన్నారు.

హాలంతా నవ్వింది. నేనూ నవ్వాను. నాకు చదువు రాదన్నది అందరికీ తెలిసిన మాట, అందులో తప్పేముంది? ఆ రెండు లైన్లు మాత్రం నా చెవిలో అలా ఉండిపోయాయి. పాతికేళ్లలో ఆయన నా గురించి నలుగురి ముందు ఒక మంచి మాట అనడం అదే మొదలు. మర్నాడు సావనీర్ పట్టుకుని ఆయన దగ్గరికి వెళ్లాను.

"ఏటండీ, ఆ మాటలు ఎక్కడున్నాయో గీత గీసి ఇవ్వండి. గుడ్డ మీద కుడతాను."

ఆయన నన్ను ఒక నిమిషం చూశారు. ఎర్ర పెన్సిలు తీసి కింద రెండు లైన్ల చుట్టూ గీశారు.

"ఈ రెండే కుట్టు. పైవి నీకెందుకు?"

నెలన్నర పట్టింది. ఆ గుడ్డ పెట్టిన రోజు నుంచి ఆ ఇంట్లో నా విలువ ఎంతో అది చెబుతోందనుకున్నాను. గిన్నెలు తోముతున్నా, ఆయన కంచం విసిరినా, తల తిప్పితే గోడ మీద నీలం దారం కనబడేది.

ఆయన ముందు గదిలో సాయంత్రాలు ట్యూషన్ చెప్పేవారు. నేను వంటగదిలో పరదా వెనక ఉండేదాన్ని. అలా సానెట్ అంటే ఏమిటో నాకు అక్షరాలకంటే ముందే వచ్చేసింది. ఎనిమిది లైన్లు ఒక సంగతిని పైకి ఎత్తుతాయి. తొమ్మిదో లైను దగ్గర వాదం తిరుగుతుంది. దాన్ని వోల్టా అంటారు, మలుపు అని అర్థం. ఒక రకంలో ఎనిమిదీ ఆరూ అని రెండు ముక్కలే. ఇంకో రకంలో నాలుగేసి లైన్ల కట్టలు మూడు, చివర ప్రాస కలిసిన రెండు లైన్లు, అది కప్లెట్. ఈ రెండో రకంలో మలుపు తొమ్మిదో లైనులో రావచ్చు, ఒక్కోసారి కప్లెట్ దాకా దాచిపెట్టి అక్కడే తిప్పవచ్చు. 'కానీ' అనో 'అయినా' అనో ఒక మాట పట్టిస్తుంది. కొందరు ఆ మాట కూడా వెయ్యరు, అప్పటిదాకా మాట్లాడుతున్న కాలం మారుస్తారు, లేదా ఎవరితో మాట్లాడుతున్నారో మారుస్తారు.

రైల్వే పిల్లలు కదా, వాళ్లకు అర్థం కావడానికి ఆయన ఒక మాట చెప్పేవారు.

"కప్లెట్ అంటే బండి చివర గార్డు డబ్బారా. దానికి సొంత ఇంజను లేదు. బండి ఖరగ్‌పూర్ దాటాక పట్టాలు మార్చే పాయింటు ఎటు వేస్తే అటు పోద్ది. హౌరా వైపు వేస్తే హౌరా, టాటా వైపు వేస్తే టాటా. డబ్బా అదే, అందులో గార్డూ అతనే, సేతిలో జెండా కూడా అదే. కానీ దిగే ఊరు వేరు. పాయింటే మలుపు. పాయింటు సూడకుండా గార్డు డబ్బా సూసి బండి ఎటు పోతాదో సెప్పినోడు గాడిద. సమఝ్ గయే?"

"హా సార్."

"ఉదాహరణ కావాలా? ఆ గోడ మీద సూడండి."

పిల్లలు గోడ వైపు తిరిగేవారు.

"అది కప్లెట్. ఒంటరి కప్లెట్. పైన పన్నెండు లైన్లు కోసేస్తే ఏటవుద్ది? పెళ్లిరోజు కార్డు అవుద్ది. ఇప్పుడు సావనీరు తియ్యండి, మొత్తం మనసులో సదవండి."

కాసేపు పేజీల చప్పుడు. తర్వాత ఎవరో ఒకరు కిసుక్కుమనేవారు, దాంతో గదంతా నవ్వు. సరిగ్గా అప్పుడే ఆయన పిలిచేవారు.

"ఏమే, టీ తే."

నేను టీ పట్టుకుని వెళ్లేదాన్ని. పిల్లలు నా మొహం చూసి తలలు దించుకునేవారు. నా కుట్టు బాగుందని చూపిస్తున్నారనుకున్నాను. ఒక పిల్ల మాత్రం గ్లాసు అందుకుంటూ, "బాగా కుట్టినారు ఆంటీ," అంది. ఆ పిల్ల గొంతు వణికింది. సిగ్గేమో అనుకున్నాను. ప్రతి ఏడూ కొత్త పిల్లలు, ప్రతి ఏడూ అదే పాఠం, అదే టీ.

నలభై ఎనిమిదేళ్లు దాటాక నేను పలక పట్టాను. కాలనీలో ఆడవాళ్లకు చదువు నేర్పే దీదీలు వచ్చారు గాని, వాళ్లు నేర్పేది బెంగాలీ. నాకు కావలసిన అక్షరాలు నా వేళ్లకు అప్పటికే తెలిసినవి. పాస్టరుగారి భార్య మధ్యాహ్నాలు చర్చి హాలులో తెలుగు నేర్పుతానంది. నాకంటే పదేళ్లు చిన్నది, అక్కా అని పిలిచేది.

మా ఆయన నాకు వినీ వినబడనట్టు, "ముసల్దానికి అ ఆలు. సావు సర్టిఫికెట్టు మీద సంతకం పెట్టుకుంటాదేటి?" అన్నారు.

నాకు త్వరగానే వచ్చింది. కుట్టిన చేయి కదా, ప్రతి అక్షరం ఆకారం తెలుసు, దాని పేరు మాత్రమే తెలియదు. ఆరు నెలల్లో గోడ మీద రెండు లైన్లు చదివాను. ఆయన చెప్పినదే ఉంది, ఒక్క మాట తేడా లేదు. అంతవరకు మోసం లేదు. దాంతో ధైర్యం వచ్చి, మిగతా పన్నెండు లైన్లు కూడా నావేనని ట్రంకు పెట్టె అడుగు నుంచి సావనీర్ తీశాను. ఎర్ర పెన్సిలు గీత అలాగే ఉంది. కార్బన్ మరకలు కూడా.

వేలు పెట్టి చదవడం మొదలుపెట్టాను. మొదటి రోజు ఎనిమిది లైన్లు అయ్యాయి.

పొద్దు పొడవక ముందే లేచి పొయ్యి రాజేస్తావు,
నా చొక్కా మడతలో నీ చేతి వేడి ఉంటుంది;
నే బడి నుంచి వచ్చేసరికి గుమ్మంలో నిలుస్తావు,
నీ గాజుల చప్పుడికే నా అలసట పోతుంది.
ఇరవై అయిదేళ్ల కాపురం, ఎంత నీ ఓర్పు!
నే పుస్తకం మూసేదాకా నీ కంచం కదలదు.
ఉన్నదానితో ఇల్లు నడపడం నీ నేర్పు,
ఎదురు మాట అనడానికి నీ పెదవి మెదలదు.

ఎనిమిదో లైను దగ్గర ఆయన సైకిలు చప్పుడు వినబడి పుస్తకం మూసేశాను. ఏడ్చాను, సంతోషంతో. నేను మడిచే చొక్కా మడత ఆయనకు తెలుసన్నమాట. నేను తినకుండా కూర్చోవడం చూశారన్నమాట. ఆ సాయంత్రం బజారుకు పోయి ఆయనకు ఇష్టమని మంచి చేప తెచ్చి మామిడికాయ వేసి పులుసు పెట్టాను. ఆయన తింటూ, "ఏటి ఇవాళ, పండగా?" అన్నారు. నేను తల అడ్డంగా ఊపి గోడ వైపు చూశాను. ఆయన చూపు కూడా అటు పోయింది. నవ్వారు. ఆ నవ్వు మర్నాటి దాకా నాకు తీపిగానే ఉంది.

మర్నాడు మధ్యాహ్నం తొమ్మిదో లైను మీద వేలు పెట్టాను. మొదటి మాట 'కానీ'.

పరదా వెనక అన్నేళ్లు విన్నాను కదా. ఆ మాట చదవగానే నా వేలు ఆగిపోయింది. పాయింటు దగ్గర బండి నెమ్మదించినట్టు.

కానీ గోడకీ ఓర్పుంది, గుంజకీ ఓర్పుంది;
పద్యం చదివి వినిపిస్తే ఉప్పు చాలిందా అంటావు.
నా లోకమంతా నీకు మూసిన పుస్తకమే అయ్యింది,
పేజీ తెరిచి చూపిస్తే దుమ్ము దులిపి పెడతావు.

కింద నా రెండు లైన్లు. నేను గళ్లు లెక్కపెట్టి కుట్టినవి.

మళ్లీ చదివాను. ఒక్క అక్షరం మారలేదు. 'నువ్వు అడగవు' అంటే నిన్నటి దాకా నా ఓర్పు. ఇప్పుడు అడగడానికి నాకు బుర్ర లేదని. 'నేను చెప్పను' అంటే చెప్పకపోయినా తెలిసిపోయేంత దగ్గరితనం అనుకున్నాను. ఇప్పుడు చెప్పి ఏం లాభమని. 'మాటే అక్కర్లేదు' అన్నది గోడతో, గుంజతో అనే మాట. ప్రశాంతం అన్నది పశువులశాలలో ఉండే ప్రశాంతం. గార్డు డబ్బా అదే, జెండా అదే. దిగిన ఊరు వేరు.

అక్కడితో ఆగలేదు. మలుపు వెనక్కి కూడా పనిచేస్తుందని ఆయన పాఠంలో చెప్పలేదు, లేదా నేను వినలేదు. తొమ్మిదో లైను చదివాక మొదటి ఎనిమిదికీ ఎక్కడంటే అక్కడ పుండు పడింది. 'ఎంత నీ ఓర్పు' గోడ ఓర్పు అయిపోయింది. 'నీ పెదవి మెదలదు' మెచ్చుకోలు కాదు. నిన్న ఏడిపించిన చొక్కా మడత కూడా చాకలి పనికి ఇచ్చిన చీటీలా కనబడింది. ఆ ఎనిమిది లైన్లూ అంత ఎత్తుకు ఎత్తింది పడేసినప్పుడు గట్టిగా తగలాలనే. పనితనం తెలిసిన మనిషి. కుట్టుపనిదాన్ని, పనితనం ఎక్కడున్నా నాకు తెలుస్తుంది.

పుస్తకం పట్టుకుని పాస్టరమ్మ దగ్గరికి పోయాను.

"అమ్మగారూ, ఇది మీరు సదివినారా?"

ఆమె పేజీ చూసింది, నా మొహం చూడలేదు.

"సదివినాను అక్కా."

"ఎప్పుడు?"

"వచ్చినప్పుడే. సావనీరు అందరిళ్లకీ వచ్చింది కదా."

"అయితే మా ఇంటికొచ్చి ఆ గుడ్డ సూసినోళ్లందరికీ..."

"తెలుసు అక్కా." ఆమె పుస్తకం మూసింది. "నీకు తెలీదు కాబట్టి బాధ లేదనుకున్నాం. నేను అక్షరాలు నేర్పేటప్పుడు ఒక్కోసారి బయమేసేది, ఏ రోజు ఇక్కడికి వస్తావోనని."

"సెప్పొచ్చు కదా."

"ఎలా సెప్పమంటావు?"

నిజమే. ఎలా చెబుతారు? ఊరంతా కలిసి నన్ను కాపాడింది, నవ్వుకుంటూ.

ఇంటికొచ్చి స్టూలు వేసుకుని గుడ్డ దించబోయాను. చేయి వేశాక ఆగాను. దించితే నేను చదివానని ఆయనకు తెలుస్తుంది. అప్పుడు ఆయన ఏదో అంటారు, నేను ఏదో అంటాను, చివరికి ఆయనకు ఇంకో నవ్వు మిగులుతుంది. ఫ్రేము తుడిచి దిగిపోయాను. ఆ సాయంత్రం ట్యూషన్లో ఆయన మళ్లీ ఆ గుడ్డ చూపించారు. నేను టీ పట్టుకెళ్లాను. ఈసారి తలలు దించుకున్న పిల్లల మొహాలు ఒక్కొక్కటీ చూశాను.

ఆయన రిటైరయ్యాక రైల్వే క్వార్టరు వదిలి ఊళ్లోనే ఝపటాపూర్‌లో రెండు గదులు అద్దెకు తీసుకున్నాం. ఆ గుడ్డను కాగితాల మధ్య చుట్టి నేనే తెచ్చి, నేనే మేకు కొట్టాను. తర్వాత ఆయన కళ్లలో నీటికాసులు వచ్చాయి. రైల్వే ఆస్పత్రిలో చూపించేసరికే ఒక కన్ను పోయింది. రెండోది ఏడాదిన్నరలో పోయింది.

అప్పుడు నా చదువు పనికొచ్చింది. పొద్దున్నే పేపరు, సాయంత్రం బైబిలు, మధ్యలో ఆయన పాత శిష్యుల ఉత్తరాలు. నా చదువు ఆయనకు నచ్చేది కాదు.

"ఎద్దు నీళ్లు తాగినట్టు సదువుతావేటే. కామా దగ్గర ఊపిరి పీల్చు."

పీల్చేదాన్ని. విశాఖపట్నం నుంచి ఒక శిష్యుడు ఏడాదికొకటి రాసేవాడు. తనకు కవిత్వం చదవడం మాస్టారే నేర్పారని, ఇప్పటికీ కాలేజీలో ఆయన గార్డు డబ్బా పాఠమే చెబుతున్నానని. ఆ ఉత్తరాలు మూడేసి సార్లు చదివించుకునేవారు. గుడ్డి కళ్ల నుంచి నీళ్లు కారేవి. ఆయనకు మిగిలిన ఆస్తి అదే. నేను ఏ ఉత్తరంలోనూ ఒక్క మాట కలపలేదు, తియ్యలేదు. ఇది ఇక్కడ రాయాలి, ఎందుకంటే ఆయనకు చెప్పలేదు.

తొంభైల చివర్లో సంఘంవాళ్లు ఒక కొత్త సావనీర్ వేస్తూ, మాస్టారి పాత సానెట్ మళ్లీ వేస్తామని కబురు పంపారు. ఆయన పొంగిపోయారు. అచ్చుతప్పులు ఉన్నాయేమో చూడాలన్నారు.

"పాత పుస్తకం తే. నువ్వే సదువు. నా పద్యం నీ నోట్లో పడి ఏటవుద్దో సూద్దాం."

"రేపు సదువుతానండి. పెట్టెలో ఎక్కడుందో వెతకాలి."

వెతకడం కాదు, ఒక రోజు కావాలి. నాలుగు లైన్లు రాయాలి. ఎనిమిదేళ్లుగా అవి నాలో ఉన్నాయి గాని, కాగితం మీద పెట్టడం అంటే వేరు. తొమ్మిదికీ పదకొండుకూ ప్రాస కలవాలి, పదికీ పన్నెండుకూ కలవాలి. పై ఎనిమిదీ ముట్టుకోకూడదు. కింద రెండూ ముట్టుకోకూడదు. పాయింటు ఒక్కటే మార్చాలి.

మర్నాడు పొద్దున వరండాలో ఆయన పక్కన కూర్చుని చదివాను. ఎనిమిది లైన్లూ ఉన్నవి ఉన్నట్టే. ఆయన కుర్చీ చేతి మీద వేలితో లైన్లు లెక్కపెడుతున్నారు, పెదవుల మీద నవ్వు. తొమ్మిదోదానికి వేలు లేచింది.

కానీ ఇప్పుడు నీ కళ్లకు ప్రతి పుటా తెల్లదే;
నేను చదివిందే పద్యం, నేను ఆపిందే ముగింపు.
నా నోట్లోంచి వచ్చిందే నీకు కాగితంపై ఉన్నదే,
ఏ లైను మింగానో పట్టేందుకు నీకేదీ చూపు?
నువ్వు అడగవు, నేను చెప్పను, మాటే అక్కర్లేదు.
మన ఇంటంత ప్రశాంతమైన ఇల్లు ఈ ఊళ్లో లేదు.

వేలు గాలిలోనే ఉంది. వీధిలో ఒక రిక్షా గంట కొట్టుకుంటూ పోయింది.

"మళ్లీ సదువు," అన్నారు.

మళ్లీ చదివాను. కామాల దగ్గర ఊపిరి పీల్చి మరీ.

"కప్లెట్ ముట్టుకోలేదు."

"లేదండి. అది మీదే."

"పాయింటు మార్చినావు."

"అవునండి."

ఆయనకు విడమర్చి చెప్పాల్సిన పని లేదు, ఈ ఊళ్లో ఆ పాఠం తెలిసిన మొదటి మనిషి ఆయనే. కప్లెట్‌లో 'నేను' అన్నది అప్పటిదాకా ఆయన, ఇప్పుడు నేను. చెప్పనిది అప్పటిదాకా కవిత్వం, ఇప్పుడు ఏమైనా కావచ్చు.

"పన్నెండో లైను కుంటుతోంది," అన్నారు చివరికి.

"తెలుసండి. కొత్త కదా."

సంఘంవాళ్లకు ఆయన అసలు పద్యమే వెళ్లింది. నేనే కాపీ తీసి ఇచ్చాను, ఒక్క తప్పు లేకుండా. అది ఆయనకు చెప్పాను. నమ్మారో లేదో.

నాలుగు రోజులు పోయాక మధ్యాహ్నం భోజనానికి కూర్చున్నారు. అన్నం కలిపి, ముద్ద ఎత్తకుండా కూర్చున్నారు.

"ఏమే."

"ఏటండీ."

"విశాఖపట్నం కుర్రాడి ఉత్తరాలు... అవి వాడు రాసినవేనా? గార్డు డబ్బా మాట నిజంగా అందులో ఉందా?"

ఉంది. ప్రతి ఉత్తరంలోనూ ఉంది. 'ఉందండి' అంటే సరిపోయేది. ఆ ఒక్క మాట కోసం ఆయన కంచం మీదకు వంగి ఉన్నారు, చెవి నా వైపు తిరిగి ఉంది. ఆ మొహంలో నేను అంతకుముందు ఎప్పుడూ చూడనిది ఒకటి ఉంది. నన్ను బతిమాలుతున్నారు.

ఆయన తల మీదుగా గోడ వైపు చూశాను. నీలం దారం కాస్త వెలిసింది.

"చారులో ఉప్పు చాలిందా?" అన్నాను.

ఆ తర్వాత ఉత్తరాలు వస్తూనే ఉన్నాయి. చదవమని ఆయన అడగలేదు.